తొట్టి నుంచి వృత్తం దాకా: బట్టల లేబుల్ మీది బొమ్మలు చెప్పే హద్దులు

ఒక విస్కోస్ కుర్తీని ఉదాహరణగా తీసుకుందాం. విస్కోస్ అంటే మన దుకాణాల్లో రేయాన్ అని చెప్పి అమ్మే గుడ్డే. కుర్తీకి నూలు లైనింగ్ ఉంది, మెడ చుట్టూ చమ్కీల పని ఉంది. లోపల ఎడమవైపు కుట్టులో వేలెడంత తెల్ల రిబ్బను ముక్క ఒకటి ఉంది. దాని మీద అక్షరం ముక్క లేకుండా వరుసగా ఆరు బొమ్మలున్నాయి. మొదటిది నీళ్ల తొట్టి, అందులో 30 అనే అంకె, తొట్టి కింద ఒక గీత. తరువాత కొట్టేసిన త్రిభుజం. ఆ తరువాత లోపల వృత్తం ఉన్న చదరం, దాన్నీ కొట్టేశారు. నాలుగోది మధ్యలో నిలువు గీత, పై ఎడమ మూలలో ఏటవాలు గీత ఉన్న మరో చదరం. ఐదోది ఒకే చుక్క ఉన్న ఇస్త్రీ పెట్టె. చివరిది కొట్టేసిన వృత్తం.

చాలామంది ఇలాంటి లేబుల్‌ను ఒంటికి గీరుకుంటోందని కత్తిరించి పారేస్తారు. చదివేవారిలో కూడా ఎక్కువమంది దీన్ని తయారీదారు ఇచ్చిన ఆదేశాల పట్టికగా తీసుకుంటారు. ముప్పై డిగ్రీల నీళ్లలోనే ఉతకాలని, ఒక చుక్క వేడితోనే ఇస్త్రీ చేయాలని అర్థం చేసుకుంటారు. ఈ బొమ్మలు చెప్పేది అది కాదు. అసలు తేడా ఎక్కడుందో చూసే ముందు ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం తెలియాలి.

## బొమ్మల పుట్టుక

రెండో ప్రపంచ యుద్ధం తరువాత నైలాన్, పాలిస్టర్, అక్రిలిక్ వంటి కృత్రిమ దారాలు మార్కెట్లోకి వరదలా వచ్చాయి. అదే కాలంలో యూరప్ ఇళ్లలోకి నీళ్లను తనంతట తానే వేడిచేసుకునే వాషింగ్ మెషీన్లు చేరాయి. నూలు, నార, ఊలు, పట్టు మాత్రమే తెలిసిన గృహిణులకు కొత్త గుడ్డ వేడికి ఎలా ప్రవర్తిస్తుందో అంచనా లేదు. పైగా యూరప్‌లో ఒక దేశంలో కుట్టిన బట్ట భాష వేరైన పక్క దేశంలో అమ్ముడయ్యేది. మాటలతో పనిలేని గుర్తులు కావాలన్న ఆలోచన ఈ అవసరంలోంచి వచ్చింది. దీనికోసం 1958లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ సమావేశం జరిగింది. ఆ కృషికి కొనసాగింపుగా 1963లో జినెటెక్స్ అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. తొట్టి, త్రిభుజం, చదరం, ఇస్త్రీ పెట్టె, వృత్తం అనే ఐదు మూల గుర్తులు ఈ సంఘం పేరిట ట్రేడ్‌మార్కులుగా నమోదై ఉన్నాయి. 1991లో అవే గుర్తులు ఐఎస్ఓ 3758 అనే అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చాయి. తరువాత ఆ ప్రమాణాన్ని పలుమార్లు సవరించారు.

అమెరికా దారి కొంత వేరు. అక్కడ బట్టల సంరక్షణ లేబుల్ 1972 నుంచి చట్టరీత్యా తప్పనిసరి. మొదట మాటల్లోనే రాసేవారు, 1997 నుంచి మాటలకు బదులు బొమ్మలు వాడటానికి అనుమతి వచ్చింది. ఆ బొమ్మలు జినెటెక్స్ బొమ్మలకు దగ్గర బంధువులే కానీ అచ్చంగా అవే కావు. యూరప్‌లో మాత్రం బట్ట ఏ దారంతో నేసిందో చెప్పడం తప్పనిసరి. ఎలా ఉతకాలో చెప్పడం యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం తయారీదారు ఇష్టం. ఈ బొమ్మలు పుట్టిన గడ్డ మీదే అవి తప్పనిసరి కాకపోవడం ఒక వింత.

## సలహా కాదు, పై హద్దు

లేబుల్ మీది ప్రతి గుర్తూ ఆ బట్ట తట్టుకోగల అత్యంత తీవ్రమైన చర్యను చెబుతుంది. తొట్టిలో 60 అని ఉంటే అరవై డిగ్రీల నీళ్లలో ఉతకాలని కాదు, అరవై దాకా వెళ్లినా బట్ట పాడవదని అర్థం. అదే బట్టను కుళాయి నీళ్లలో చేత్తో ఉతికినా లేబుల్‌ను మీరినట్టు కాదు. రోడ్డు పక్కన గంటకు 60 కిలోమీటర్లు అని రాసిన వేగపరిమితి బోర్డును చూసి ఎవరూ అరవైలోనే నడపాలనుకోరు. లేబుల్ అంకె కూడా అలాంటిదే. అనుమతించిన దానికంటే మృదువుగా చేయవచ్చు, కటువుగా చేయకూడదు.

ఇంకో నియమం కూడా దీనితో కలిసి నడుస్తుంది. లేబుల్ గుడ్డ ఒక్కదాని గురించి మాట్లాడదు, కుట్టి పూర్తయిన వస్త్రమంతటి గురించి మాట్లాడుతుంది. గుండీలు, జిప్పు, లైనింగ్, కాలరు లోపల అతికించిన గట్టి గుడ్డ, అద్దకం రంగు, ఎంబ్రాయిడరీ దారం అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. వాటిలో అన్నిటికంటే బలహీనమైనది ఏదో అదే హద్దును నిర్ణయిస్తుంది. అందుకే ఒకే తాను నుంచి కోసిన రెండు కుర్తీలకు వేర్వేరు లేబుళ్లు ఉండవచ్చు.

ఐదు మూల బొమ్మలకు తోడు చేరే చిన్న గుర్తులు మూడే. చుక్కలు వేడిని చెబుతాయి, చుక్కలు పెరిగేకొద్దీ అనుమతించిన వేడి పెరుగుతుంది. బొమ్మ కింద గీతలు మృదుత్వాన్ని చెబుతాయి, గీతలు పెరిగేకొద్దీ బట్టను కదిలించే బలం తగ్గాలి. ఇంటు గుర్తుతో కొట్టేస్తే ఆ పని అసలే వద్దని అర్థం. చుక్కలు పెరిగితే స్వేచ్ఛ పెరుగుతుంది, గీతలు పెరిగితే తగ్గుతుంది. ఈ ఎదురుబొదురు లెక్క మొదటిసారి చదివేవారిని కొంత తికమక పెడుతుంది.

## తొట్టి: అంకె కంటే గీత ముఖ్యం

తొట్టిలోని అంకె నీటి వేడిని సెల్సియస్ డిగ్రీల్లో చెబుతుంది. 30, 40, 60 ఎక్కువగా కనిపిస్తాయి. 50, 70, 95 కూడా వాడుకలో ఉన్నవే. అమెరికా లేబుళ్లలో అంకెకు బదులు చుక్కలు ఉండవచ్చు. అక్కడ ఒక చుక్క 30 డిగ్రీలకు, రెండు చుక్కలు 40కి, మూడు చుక్కలు 50కి గుర్తు. తొట్టిలో చెయ్యి ముంచిన బొమ్మ ఉంటే చేత్తోనే ఉతకాలి, నీళ్ల వేడి 40 డిగ్రీలు దాటకూడదు. తొట్టిని కొట్టేస్తే ఇంట్లో నీళ్లతో ఉతకకూడదు.

మన ఇళ్లలో ఈ అంకెకు అంత పని పడదు. పైమూత మెషీన్లు చాలావరకు కుళాయిలో వచ్చిన నీళ్లనే వాడుకుంటాయి, బండ మీద ఉతికేవారూ అంతే. నీళ్లను కాచి పోసుకుంటే తప్ప 40 దాటే సందర్భం అరుదు. అయితే మే నెల మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. 30 అని రాసిన బట్టకు ఆ పూట ఆ నీళ్లే హద్దు దాటినవి. ముందుమూత మెషీన్లు నీళ్లను వేడిచేస్తాయి కాబట్టి వాటి దగ్గర అంకెకు పూర్తి విలువ వస్తుంది. రోగి పక్కబట్టలు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతకాలనుకునేవారికి కూడా ఇది పనికొచ్చే సమాచారమే. లేబుల్ 60 దాకా అనుమతిస్తే ఆ వేడికి రంగు, కొలత నిలుస్తాయన్న హామీ దొరికినట్టు.

మన దగ్గర ఎక్కువ నష్టం చేసేది వేడి కాదు, కుదుపు. తొట్టి కింద గీత గురించి పట్టించుకోవలసింది అందుకే. గీత లేకపోతే మామూలు ఉతుకు, ఒక గీతకు మృదువైన ఉతుకు, రెండు గీతలకు చాలా మృదువైన ఉతుకు. మెషీన్ మీద సింథటిక్స్ అని ఉండే పద్ధతి ఒక గీతకు, ఊల్ అనో డెలికేట్ అనో ఉండేది రెండు గీతలకు దాదాపు సరిపోతాయి. ఆ పద్ధతుల్లో డ్రమ్ము తక్కువ తిరుగుతుంది, పిండే వేగం తగ్గుతుంది, ఒకేసారి వేసే బట్టల బరువూ తక్కువ ఉండాలి. అంత మృదుత్వం ఎందుకన్నది దారాన్ని బట్టి మారుతుంది.

ఊలు దారం పైన పెంకుల్లాంటి సూక్ష్మమైన పొలుసులుంటాయి. తడి, వేడి, కుదుపు మూడూ కలిసినప్పుడు పక్కపక్క దారాల పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని ముందుకే జరుగుతాయి, వెనక్కి రావు. స్వెటర్ పిల్లవాడి కొలతకు కుంచించుకుపోయి దళసరి కంబళి ముక్కలా తయారయ్యేది ఇందుకే. అలా ముద్దకట్టిన ఊలును మళ్లీ విడదీయడం కుదరదు. స్వెటర్‌ను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వదిలేస్తే పెద్దగా ఏమీ కాదు, అదే నీళ్లలో నలిపి నలిపి రుద్దితే అవుతుంది.

విస్కోస్ సంగతి వేరు. చెట్ల గుజ్జు నుంచి తీసే ఈ దారం తడిసినప్పుడు తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. నూలు దారం తడిస్తే బలపడుతుంది, అందుకే నూలు చీరను బండకేసి బాదినా నిలిచేది. చూపుకు నూలులాగే ఉండే రేయాన్ కుర్తీని అదే బండ మీద బాదితే కుట్టు దగ్గర పిగులుతుంది. మెలితిప్పి పిండితే నేత సాగి కొలత మారుతుంది. మన ఉదాహరణలో తొట్టి కింద ఉన్న ఒక్క గీతకు కారణం ఇదే. బండ, బ్రష్షు లేబుల్ రాసినవారి ఊహలో లేకపోయినా గీత ఉద్దేశం వాటికీ వర్తిస్తుంది.

పాలిస్టర్‌కు కూడా తరచూ గీత కనిపిస్తుంది, కానీ అది దారం బలహీనత వల్ల కాదు. సుమారు 70, 80 డిగ్రీల దగ్గర పాలిస్టర్ మెత్తబడుతుంది. ఆ స్థితిలో నలిగి, అలాగే చల్లారితే ముడతలు అచ్చుపోసినట్టు నిలిచిపోతాయి. తక్కువ వేడి, తక్కువ కుదుపు ఆ ముడతలు పడకుండా చూస్తాయి.

## త్రిభుజం: తెలుపు చేసే మందు

త్రిభుజం బ్లీచ్‌కు గుర్తు. బ్లీచ్ అంటే మురికిని కడిగే మందు కాదు, మరకలోని రంగును విరిచే మందు. ఇవి రెండు జాతులు. క్లోరిన్ జాతిలో మరుగుదొడ్లు కడిగే ద్రవాలు, కాలువల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడర్ వస్తాయి. ఆ ఘాటు వాసన అందరికీ తెలిసిందే. ఆక్సిజన్ జాతిలో హైడ్రోజన్ పెరాక్సైడ్, సోడియం పెర్‌కార్బొనేట్ వస్తాయి. మరకల మందులని డబ్బాల్లో అమ్మే పొడులు ఎక్కువగా ఇవే. ఖాళీ త్రిభుజం రెండు జాతులనూ అనుమతిస్తుంది. లోపల రెండు ఏటవాలు గీతలుంటే ఆక్సిజన్ జాతి మాత్రమే పనికొస్తుంది. కొట్టేసిన త్రిభుజం దేన్నీ ఒప్పుకోదు.

ఊలును, పట్టును క్లోరిన్ పసుపుపచ్చగా మార్చి, గాఢత ఎక్కువైతే దారాన్నే కరిగిస్తుంది. సాగే గుణం కోసం కలిపే ఎలాస్టేన్ దారం క్లోరిన్ తగిలితే తెగిపోయి బట్ట వదులవుతుంది. ముడతలు పడకుండా రెజిన్ పూసిన కొన్ని నూలు చొక్కాలు క్లోరిన్‌ను పట్టి ఉంచుకుంటాయి. ఉతికినప్పుడు బాగానే కనిపించిన చొక్కా ఇస్త్రీ పెట్టె తగలగానే పచ్చబడుతుంది. అప్పుడు తప్పు ఇస్త్రీ చేసినవారి మీద పడుతుంది.

కొట్టేసిన త్రిభుజం చూసి తాము బ్లీచ్ వాడనే వాడమని చాలామంది ధీమాగా ఉంటారు. తెల్లబట్టల కోసమని అమ్మే డిటర్జెంట్ పొడుల్లో ఆక్సిజన్ బ్లీచ్ ముందే కలిపి ఉండవచ్చు. అందువల్ల ఈ గుర్తు డిటర్జెంట్ ఎంపికకూ వర్తిస్తుంది. మరోవైపు తెల్ల బట్టలకు పెట్టే నీలిమందు బ్లీచ్ కానే కాదు. అది పసుపు ఛాయను నీలి ఛాయతో కప్పి కంటికి తెలుపనిపిస్తుంది, ఏ రంగునూ విరవదు. త్రిభుజానికి దానితో సంబంధం లేదు.

## చదరం: ఎండదేశంలో నీడ గీత

చదరంలో వృత్తం ఉంటే వేడిగాలితో తిప్పి ఆరబెట్టే డ్రయ్యర్ అని అర్థం. ఒక చుక్కకు తక్కువ వేడి, అంటే సుమారు 60 డిగ్రీల గాలి. రెండు చుక్కలకు మామూలు వేడి, సుమారు 80 డిగ్రీలు. అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో రోజూ వాడేది ఈ యంత్రమే. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన నూలు కుర్తాలు, రేయాన్ కుర్తీలు మొదటి సారే పొట్టివైపోయే చోటు కూడా ఎక్కువగా ఇదే.

వృత్తం లేని చదరాలు సహజంగా ఆరబెట్టడానికి సంబంధించినవి. ఒక నిలువు గీతకు దండెం మీద ఆరవేయడం అని అర్థం. రెండు నిలువు గీతలుంటే పిండకుండా, నీళ్లు కారుతుండగానే దండెం మీద వేయాలి. అడ్డగీత అయితే పరిచి ఆరబెట్టాలి. స్వెటర్‌కు అడ్డగీత ఉండటానికి కారణం దాని బరువే. తడిసిన ఊలు నీళ్లను మోస్తూ దండెం మీద వేలాడితే భుజాలు, చేతులు సాగిపోతాయి. పై ఎడమ మూలలో ఏటవాలు గీత ఉంటే నీడపట్టున ఆరబెట్టాలి. అమెరికా పద్ధతిలో దండేనికి చదరం పైభాగాన వేలాడే వంపు గీత, నీళ్లు కారుతూ ఆరబెట్టడానికి మూడు నిలువు గీతలు, నీడకు మూలలో రెండు ఏటవాలు గీతలు వాడతారు. గీతల లెక్క కలవకపోతే లేబుల్ తప్పని అనుకోనక్కర్లేదు, అది వేరే పద్ధతిలోది.

నా అభిప్రాయంలో మన వాతావరణానికి లేబుల్ మొత్తంలో అతి విలువైన గుర్తు ఈ మూల గీతే. యూరప్ చలికాలపు ఎండకు దీని అవసరం అంతగా కనిపించకపోవచ్చు. మన ఎండలోని అతినీలలోహిత కిరణాలు అద్దకం రంగును విరగ్గొడతాయి. దండెం మీద మడతపడి పైకి తేలిన భాగం వెలిసిపోయి, లోపలి భాగం ముదురుగా ఉండిపోయి, బట్ట మీద గీత గీసినట్టు రెండు ఛాయలు కనిపిస్తే అది ఎండ చేసిన పని. బట్టంతా ఒకే తీరున పలచబడితే అది ఉతుకులో రంగు దిగడం. ఏది ఎక్కడ జరిగిందో పోల్చుకోవడానికి ఈ తేడా సరిపోతుంది.

## ఇస్త్రీ పెట్టె: చుక్కలు లేని బొగ్గుల పెట్టె

ఇస్త్రీ పెట్టె బొమ్మలో ఒక చుక్కకు అడుగు పలక వేడి సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలకు సుమారు 150, మూడు చుక్కలకు సుమారు 200. ఒక చుక్క బట్టలకు ఆవిరి కూడా ప్రమాదమే, ఎందుకంటే ఆవిరి వేడిని దారం లోపలికి మోసుకుపోతుంది. మోటుగా చెప్పుకుంటే నైలాన్, అక్రిలిక్ ఒక చుక్కలోకి, పట్టు, ఊలు, పాలిస్టర్, విస్కోస్ రెండు చుక్కల్లోకి, నూలు, నార మూడు చుక్కల్లోకి వస్తాయి. కరెంటు ఇస్త్రీ పెట్టె మీద తిప్పే మీట పక్కన చాలా కంపెనీలు ఇవే చుక్కలు ముద్రిస్తాయి.

వీధి మూల ఇస్త్రీ బండి మీద బొగ్గుల పెట్టెకు గానీ గ్యాసు పెట్టెకు గానీ చుక్కలుండవు. అక్కడ వేడిని చెప్పేది నీళ్లు చిలకరించినప్పుడు వచ్చే శబ్దం, అనుభవం, బట్టకు పెట్టెకు మధ్య పరిచే తడిగుడ్డ. చుక్క నీరు చుయ్‌మని ఆవిరైతే పలక వంద దాటిందని తెలుస్తుంది. ముత్యంలా ఉండకట్టి జారిపోతే ఇంకా చాలా వేడిగా, దాదాపు నూలుకు తగిన వేడిలో ఉందని అంచనా. మధ్యలో ఉండే 110, 150 తేడాను మాత్రం నీటిబొట్టు చెప్పలేదు. పాలిస్టర్ పాడయ్యేది సరిగ్గా ఆ మధ్య ప్రాంతం దాటినప్పుడే. నల్ల ప్యాంటు మోకాళ్ల మీద, జేబు అంచుల మీద అద్దంలా మెరిసే మచ్చ కనిపిస్తే దారం కరగలేదు గానీ మెత్తబడి చదునైపోయిందని అర్థం. ఎంత ఉతికినా ఆ మెరుపు పోదు. వేడి ఇంకా పెరిగి దారం కరిగితే గుడ్డ గట్టిపడి, గోటితో గీకితే గరుకుగా తగులుతుంది.

## వృత్తం: దుకాణం వారి కోసం రాసిన గుర్తు

ఐదు బొమ్మల్లో ఇంటివారి కోసం కాకుండా వృత్తిదారుల కోసం పెట్టిన బొమ్మ ఇది ఒక్కటే. డ్రైక్లీనింగ్ అన్న పేరు కొంత మోసం చేస్తుంది. అక్కడ బట్ట పొడిగా ఉండదు, నీటికి బదులు మరో ద్రవంలో పూర్తిగా మునుగుతుంది. ఆ ద్రవం నూనె మరకలను కరిగిస్తుంది కానీ దారంలోకి నీటిలా చొరబడదు. దారం ఉబ్బదు కాబట్టి ఊలు ముద్దకట్టదు, పట్టు మెరుపు తగ్గదు.

వృత్తంలోని ఇంగ్లీషు అక్షరం ఏ ద్రవం వాడవచ్చో చెబుతుంది. పి అంటే పెర్‌క్లోరోఇథిలీన్, ఇది బలమైన ద్రావకం. ఎఫ్ అంటే పెట్రోలియం నుంచి తీసే హైడ్రోకార్బన్ ద్రావకాలు. ఇవి మృదువైనవి కానీ మండేవి. మన ఊళ్లలో పట్టుచీరలకు పెట్రోల్ వాష్ అని చెప్పే పద్ధతి ఈ ఎఫ్ కుటుంబానికి చెందుతుంది. డబ్ల్యు అంటే వృత్తిదారు నీళ్లతో ఉతకడం. వృత్తం కింద గీతలు తొట్టి గీతల్లాగే మృదుత్వాన్ని చెబుతాయి.

ఇక్కడా పై హద్దు నియమమే నడుస్తుంది. పి అని ఉన్న బట్టకు పెర్‌క్లోరోఇథిలీనే వాడాలని కాదు, అంత బలమైనదాన్నీ తట్టుకుంటుందని. ఎఫ్ ద్రావకం దానికి నిక్షేపంగా సరిపోతుంది. ఎఫ్ అని ఉన్నదాన్ని మాత్రం పి ద్రావకంలో వేయకూడదు. ఈ తేడా ఇప్పుడు మరింత ముఖ్యమైంది. పెర్‌క్లోరోఇథిలీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. అమెరికా పర్యావరణ సంస్థ 2024 డిసెంబరులో ఇచ్చిన తుది నిబంధన ప్రకారం అక్కడి డ్రైక్లీనింగ్ దుకాణాలు పదేళ్లలో దాని వాడకాన్ని క్రమంగా మానేయాలి. ఆ ద్రావకం దుకాణాల నుంచి వెళ్లిపోయినా పి గుర్తున్న బట్టలకు ఇబ్బంది లేదు.

కొట్టేసిన తొట్టి పక్కనే వృత్తంలో డబ్ల్యు కనిపిస్తే అది వైరుధ్యంలా తోస్తుంది. నీళ్లు వద్దంటూనే నీళ్లతో ఉతకమన్నట్టుంది. నీటి వేడిని, డ్రమ్ము కదలికను, తేమను అడుగడుగునా అదుపులో ఉంచే యంత్రాలు, ఆరిన తరువాత కోటును మళ్లీ ఆకారానికి లాగి నిలిపే పరికరాలు వృత్తిదారు దగ్గర ఉంటాయి, ఇంట్లో ఉండవు. నీరు శత్రువు కాక, అదుపు లేని నీరు మాత్రమే శత్రువైనప్పుడు ఈ రెండు గుర్తులు కలిసి వస్తాయి.

## మరీ భయస్తులైన లేబుళ్లు

తయారీదారులు అవసరానికి మించి జాగ్రత్త పడుతున్నారన్న ఫిర్యాదు పాతదే. ఇంట్లో హాయిగా ఉతుక్కోగల చొక్కాకు డ్రైక్లీన్ అని రాస్తే బట్ట పాడైందన్న ఫిర్యాదులు తగ్గుతాయి, ఆ ఖర్చు మాత్రం కొన్నవారి మీద పడుతుంది. అమెరికా నిబంధన దీనికి కొంత చోటిచ్చింది. అక్కడ సురక్షితమైన పద్ధతి ఒక్కటి చెబితే చాలు, పనికొచ్చేవన్నీ చెప్పనక్కర్లేదు. అందువల్ల అక్కడి లేబుల్ మీద డ్రైక్లీన్ అని మాత్రమే ఉంటే ఉతికితే పాడవుతుందని రుజువు కాదు. డ్రైక్లీన్ మాత్రమే అని హెచ్చరికగా రాస్తే దానికి ఆధారం ఉండాలి. ఒక్క మాట తేడాలో ఇంత అర్థం ఉంది.

తయారీదారుల వాదనలోనూ పస ఉంది. ఒక కంపెనీ బట్ట హైదరాబాద్‌లో బోరు నీళ్లలో, లండన్‌లో వేడినీళ్లలో, మరొకచోట బండ మీద ఉతుకుడుకు గురవుతుంది. అన్నిచోట్లా నిలవాలంటే హద్దును కొంచెం కిందికి జరపడం తప్ప దారి లేదని వారంటారు. బొమ్మలు ఎవరికీ అర్థం కావని, మాటల్లో రాస్తేనే మేలని వాదించేవారూ ఉన్నారు. తెలుగు, తమిళం, బంగ్లా, జర్మన్ భాషల్లో ఒకే రిబ్బను ముక్క మీద రాయబోతే అది పంచె అంచంత పొడవవుతుంది. 2020లో అమెరికా వాణిజ్య కమిషన్ సంరక్షణ లేబుల్ తప్పనిసరన్న నిబంధననే రద్దు చేయాలని ప్రతిపాదించి, వ్యతిరేకత వచ్చాక 2021లో వెనక్కి తగ్గింది. లేబుల్ లోపాల మీద ఎన్ని మాటలు పడినా అది లేకుండా పోవడాన్ని అక్కడ ఎక్కువమంది ఒప్పుకోలేదు.

## మళ్లీ ఆ కుర్తీ దగ్గరికి

ఇప్పుడు మొదటి లేబుల్‌ను గుర్తు వెనుక కారణంతో సహా చదవవచ్చు. తొట్టిలో 30 అన్నది ముఖ్యంగా అద్దకం రంగు కోసం. కింద ఒక గీత తడి విస్కోస్ బలహీనత కోసం. త్రిభుజాన్ని కొట్టేయడం రంగు కోసం, చమ్కీల పూత కోసం. డ్రయ్యర్‌ను కొట్టేయడం విస్కోస్, నూలు లైనింగ్ వేర్వేరు కొలతల్లో కుంచించుకుంటాయి కాబట్టి. అలా జరిగితే లైనింగ్ కింది అంచు నుంచి తొంగిచూస్తుంది, లేదా పై గుడ్డ ముడుచుకొని బుడగలా ఉబ్బుతుంది. దండెం గీతతో పాటు నీడ గీత రంగు వెలవకుండా ఉండటానికి.

చివరి రెండు గుర్తులను గుడ్డ ఒక్కదాన్నే చూసి ఊహించలేం. విస్కోస్ రెండు చుక్కల వేడిని తట్టుకుంటుంది, పెర్‌క్లోరోఇథిలీన్‌ను కూడా తట్టుకుంటుంది. ఇక్కడ ఒకే చుక్క ఉంది, వృత్తాన్ని కొట్టేశారు. కారణం మెడ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చమ్కీలు. 150 డిగ్రీల పలక కింద అవి ముడుచుకుపోతాయి. కొన్ని రకాల ప్లాస్టిక్ చమ్కీలు డ్రైక్లీనింగ్ ద్రావకంలో మెత్తబడి కరుగుతాయి, వాటి పూత ఊడి మెరుపు పోతుంది. ఖరీదైన పని ఉన్న బట్ట కాబట్టి డ్రైక్లీనింగే క్షేమమని అనుకొని దుకాణానికి ఇస్తే, గుడ్డ చెక్కుచెదరకుండా తిరిగివచ్చి, మెడ దగ్గర మాత్రం చమ్కీల స్థానంలో బూడిదరంగు జిగురు చుక్కలు మిగిలే ప్రమాదం ఉంది. అదే చమ్కీల పని లేని కుర్తీకి ఇస్త్రీ పెట్టెలో రెండు చుక్కలు, వృత్తంలో పి ఉండి ఉండేవి.